చివరి వాక్యం కొట్టేయాలా, ఉదాహరణను ముందుకు తేవాలా?

పెద్ద వ్యాసంలో ప్రతి పేరా ఒకే అచ్చులో ఉంటే నాలుగో పేరాకే విసుగొస్తుంది. ఈ పేరా చూడండి:

"నిద్ర చాలకపోతే పొరపాట్లు పెరుగుతాయి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు ఒకే మందును చీటీలో రెండుసార్లు రాసింది. ఇలా నిద్రలేమి పొరపాట్లకు దారితీస్తుంది."

ముందు ఒక మాట, తర్వాత ఉదాహరణ, చివర మళ్లీ అదే మాట: అచ్చంటే ఇదే. దీన్ని మార్చడానికి రెండు దారులు. మొదటిది, మూడో వాక్యం కొట్టేయడం. నిమిషం పని, పోయేదేమీ లేదు. కాకపోతే కొన్నిసార్లు ఆ వాక్యమే తర్వాతి పేరాకు వంతెన. అది తీసేశాక ఈ పేరా చివరి వాక్యాన్నీ తర్వాతి పేరా మొదటి వాక్యాన్నీ కలిపి చదవండి. ఎక్కడో తెగినట్టుంటే, వంతెనను తర్వాతి పేరా మొదట్లో పెట్టాలి.

రెండోది, నర్సుతోనే మొదలుపెట్టడం: "నర్సు ఒకే మందును చీటీలో రెండుసార్లు రాసింది. అప్పటికి ఆమె నిద్ర లేచి ఇరవై గంటలైంది." అసలు విషయం విడిగా చెప్పక్కర్లేదు, పాఠకుడే పట్టుకుంటాడు. కానీ దీనికి కాస్త తిరగరాయాలి. పైగా పైపైన చూసుకుంటూ వెళ్లే పాఠకుడికి పేరా దేని గురించో వెంటనే దొరకదు. అందుకే సూచనలిచ్చే వ్యాసాల్లో నేను దీని జోలికి పోను.

నేనైతే ముందు కోతే పెడతాను. తిప్పిరాయడం మాత్రం ఉదాహరణ గట్టిగా ఉన్న ఒకటి రెండు పేరాల్లోనే. అన్నీ తిప్పితే అదే ఇంకో అచ్చు!