షార్లెట్టా, మిసెస్ రేనాల్డ్సా: ఎలిజబెత్ స్వభావాన్ని ఎవరు బాగా చూపిస్తారు?

జేన్ ఆస్టిన్ 1813 నాటి నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నాయిక ఎలిజబెత్ పెళ్లికి కాదన్న బంధువు కాలిన్స్‌ని, మూడు రోజుల్లోపే ఆమె స్నేహితురాలు షార్లెట్ ఒప్పుకుంటుంది. షార్లెట్‌కి 27 ఏళ్లు, చేతిలో డబ్బు లేదు. ఎలిజబెత్ పరిస్థితీ అంతంతే. తండ్రి ఎస్టేట్ ఆయన తర్వాత ఆ కాలిన్స్‌కే పోతుంది. ఇద్దరి ఇబ్బందీ ఒకటే కాబట్టే పోలిక నిలబడుతుంది. షార్లెట్ డబ్బున్న పిల్లయితే ఎలిజబెత్ తెగువ ఇంతగా కనబడేది కాదు.

ఇంకో సంగతి. డబ్బు కోసం పెళ్లాడుతోందని షార్లెట్‌ని తప్పుపట్టిన ఎలిజబెత్, తనకి నచ్చిన సైనికాధికారి విక్హామ్ డబ్బున్న అమ్మాయి వెంట పడితే మాత్రం తేలిగ్గా సర్దిచెప్పుకుంటుంది. నచ్చినవాడికి ఒక కొలత, స్నేహితురాలికి ఇంకో కొలత!

ఎలిజబెత్ మొదట గర్విష్ఠి అనుకుని కాదన్న ధనవంతుడు డార్సీ. అతని ఇంటి వ్యవహారాలు చూసే మిసెస్ రేనాల్డ్స్ పాత్ర చాలా చిన్నది. ఎలిజబెత్‌తో ఆమెకు పోలికే లేదు, ఆమె ఒక సాక్షి మాత్రమే. డార్సీని నాలుగేళ్ల వయసు నుంచీ చూస్తున్నానని, ఒక్క పరుషమైన మాట ఎరగనని చెబుతుంది. ఆ మాటలు విన్నాక ఎలిజబెత్ డార్సీ చిత్రం ముందు ఆగిపోతుంది. అంతకుముందే, తనపై ఆమె వేసిన నిందలకు జవాబుగా డార్సీ రాసిన ఉత్తరం ఆమెని కుదిపి ఉండకపోతే, మిసెస్ రేనాల్డ్స్ మెచ్చుకోలు రచయిత్రి అతికించిన సిఫార్సులా ఉండేది.

నా ఓటు షార్లెట్‌కే.