హ్యాష్‌ట్యాగ్ ప్యాకేజీలు అమ్మేవారితో జాగ్రత్త: డబ్బు కట్టేముందు ఇది చదవండి

చిన్న వ్యాపారాల ఇన్‌స్టాగ్రామ్ పేజీలు నడిపేవారికి "రీచ్ పెంచే హ్యాష్‌ట్యాగ్ ప్యాకేజీ" పేరుతో మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. మా బంధువులు నడిపే మంగళగిరి చేనేత చీరల పేజీ కోసం 2025 మధ్యలో అలాంటి ప్యాకేజీ ఒకటి కొన్నాము. ప్రతి పోస్టుకూ ప్రత్యేకంగా పరిశోధించి ట్యాగులు ఇస్తామని అమ్మినవారు చెప్పారు. తీరా వచ్చినది ముప్పై ట్యాగుల జాబితా ఒక్కటే, దాన్నే అన్ని పోస్టుల కింద అతికించమన్నారు.

మొదట వాడినది ఎనిమిది ఫొటోల క్యారౌసెల్‌కు. నిజాం బార్డర్ ఉన్న కాటన్ చీర కట్టుకున్న ఫొటో ముందు, ఆ తరువాత బార్డర్ దగ్గరి నుంచి, పైట, జాకెట్ ముక్క, చివర ధర. దాని కింద పెట్టమన్న ట్యాగుల్లో #love, #instagood, #like4like, #bollywood, #kanjivaram వంటివి ఉన్నాయి. మంగళగిరి పేరున్న ట్యాగు ఒక్కటే, అదీ #mangalagiri-sarees అని మధ్యలో గీతతో. గీత గానీ ఖాళీ గానీ వస్తే హ్యాష్‌ట్యాగు అక్కడితో తెగిపోతుంది కనుక అది ఉత్త #mangalagiri గానే మిగిలింది, అంటే ఊరి వార్తలు, ఆలయం ఫొటోలు ఉండే ట్యాగులోకి మా చీర వెళ్ళింది. ట్యాగులు అమ్ముకుని బతికేవారికి ఈ మాత్రం తెలియకపోవడం విడ్డూరం.

ఫలితం పోస్టు పెట్టిన కాసేపటికే కనిపించింది. "మీ ఫొటో మా పేజీకి పంపండి, ప్రమోట్ చేస్తాము" అనే కామెంట్లు వరుసగా వచ్చాయి. #like4like వంటి ట్యాగులను కనిపెట్టుకుని ఉండే నకిలీ ఖాతాల పని అది. లైకులు కొన్ని పెరిగిన మాట నిజమే గానీ, ఇన్‌సైట్స్ తెరిచి చూస్తే సేవ్‌లు, షేర్లు, పేజీకి వచ్చి చూసినవారు ఎప్పటికంటే తక్కువ. చీర కొనే ఆలోచన ఉన్నవారు క్యారౌసెల్‌ను చివరి ఫొటోలోని ధర దాకా జరుపుతారు, నచ్చితే సేవ్ చేసుకుంటారు లేదా అక్కకో వదినకో పంపుతారు. #love చూసి వచ్చినవారు మొదటి ఫొటో దగ్గరే దాటిపోతారు, కాంచీపురం పట్టు కోసం వచ్చినవారికి కాటన్ చీర కనబడితే వారూ అంతే.

మనుషులను ట్యాగ్ చేసే విషయంలోనూ ఇదే వరస. ఫొటోల మీద పెద్ద ఫ్యాషన్ పేజీలను, సినిమా తారలను ట్యాగ్ చేయమని వారి సలహా. చీరతో సంబంధం లేనివారు ట్యాగును తీసివేస్తారు, లేదా అసలు పట్టించుకోరు. ఆ ఫొటోలో నిజంగా ఉన్న అమ్మాయిని, జాకెట్ కుట్టిన బొటిక్‌ను వారి అనుమతితో ట్యాగ్ చేస్తే ఆ పోస్టు వారి ప్రొఫైల్‌లోని ట్యాగ్ చేసిన ఫొటోల విభాగంలోనూ కనబడుతుంది, వారి పరిచయస్థుల కంటబడే అవకాశం ఉంటుంది.

తరువాత అదే రకం చీర మరో రంగులో వచ్చినప్పుడు #mangalagirisarees, #mangalagiricotton, #nizamborder, #handloomsarees అని నాలుగే పెట్టాము. క్యాప్షన్ మొదటి వాక్యంలోనే చీర రకం, రంగు, బార్డర్ రాశాము, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్ వెతుకులాటలో క్యాప్షన్‌లోని మామూలు మాటలూ లెక్కకు వస్తాయి. చూసినవారి సంఖ్య అమాంతం పెరగలేదు, పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ వచ్చిన కామెంట్లు "పైట ఎంత పొడవు", "ఇదే ఆకుపచ్చలో ఉందా" అని అడిగినవి. ట్యాగు ఎంచుకునేముందు మేము చేసే పరీక్ష ఒక్కటే: యాప్‌లో ఆ ట్యాగును వెతికి, అక్కడ కనబడే ఫొటోల మధ్య మన ఫొటో ఇమిడిపోతుందా అని చూడడం. ఇమడకపోతే ఆ ట్యాగు ఎంత పెద్దదైనా వదిలేస్తాము.

మూడు నుంచి ఐదు ట్యాగులు చాలని ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే సూచించింది, 2025 చివరలో పరిమితినే ఐదుకు తగ్గించింది. అయినా పాత ముప్పై ట్యాగుల జాబితాలు ఇంకా అమ్ముడవుతున్నాయి కనుకనే ఇది రాస్తున్నాను. ఎవరైనా ఇలాంటి సేవ అమ్మజూపితే, ముందుగా మీ పోస్టు ఒక్కదానికి ట్యాగులు రాసి, ఒక్కొక్కటి ఎందుకు ఎంచారో చెప్పమనండి. మేము డబ్బు తిరిగి అడిగినప్పుడు "ఆల్గారిథమ్ మారింది, మా పూచీ లేదు" అని జవాబు వచ్చింది, ఆ తరువాత నంబరు బ్లాక్ చేశారు. రసీదు కూడా ఇవ్వలేదు కాబట్టి ఫిర్యాదుకు మా దగ్గర మిగిలినవి యూపీఐ చెల్లింపు వివరాలు, చాట్ స్క్రీన్‌షాట్లు మాత్రమే. మీరు ఇప్పటికే కట్టి ఉంటే వాటిని చెరిపివేయకండి.