సాలిడ్‌వర్క్స్ వెల్డ్‌మెంట్స్‌తో పైపు ఫ్రేము: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

యంత్రాల కింద ఉంచే స్టాండ్లు, పని బల్లలు, చిన్న ప్లాట్‌ఫారాలు తయారు చేసే ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు డ్రాయింగులు గీసి ఇవ్వడం నా వృత్తి. ఆ పనికి నేను కొన్నేళ్లుగా సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని వెల్డ్‌మెంట్స్ విభాగాన్నే వాడుతున్నాను. ఇది వేరుగా కొనవలసిన అదనపు భాగం కాదు, స్టాండర్డ్ లైసెన్సులోనే వస్తుంది. ముందు గీతలతో ఫ్రేము అస్థిపంజరం గీసి, ఆ గీతల వెంట పైపు సెక్షన్‌ను నడిపించి, మూలలు కోయించి, చివర ఏ పొడవు ముక్కలు ఎన్ని కోయాలో చెప్పే కట్ లిస్టు తీసుకోవడం దీని పద్ధతి. ఫ్రేము మొత్తం ఒకే పార్టు ఫైలులో అనేక ఘనాకారాలుగా ఉంటుంది కాబట్టి, ఒక కొలత మారితే ముక్కలన్నీ దానితోపాటే సర్దుకుంటాయి. నా తీర్పు ముందుగానే చెబుతాను: పొడవుల లెక్క విషయంలో దీన్ని నమ్మవచ్చు, కానీ రంపం దగ్గర నిలబడినవాడికి ఏం కావాలో దానికి తెలియదు. ఆ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో ఒక మామూలు బల్ల ఫ్రేముతో వివరిస్తాను.

బల్ల బయటి కొలతలు 1200 × 800 మి.మీ., ఎత్తు 750 మి.మీ., పైపు 50 × 50 × 3 చతురస్ర సెక్షన్ అనుకుందాం. పైన నాలుగు ముక్కలు 45 డిగ్రీల మైటర్ కోతతో కలిసే చట్రం, దాని కింద నాలుగు కాళ్లు, నేలకు కొంచెం పైన కాళ్ల మధ్య నాలుగు అడ్డపట్టీలు. బయటి కొలతలు చేతిలో ఉన్నాయి కాబట్టి గీతలు కూడా బయటి అంచు మీదే గీసి, సెక్షన్‌ను దాని మూల దగ్గర గీతకు తగిలించాలని ఎవరికైనా తోస్తుంది. పై చట్రం వరకు అది బాగానే కుదురుతుంది. కాళ్ల దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. నాలుగు కాళ్లూ ఒకదానికొకటి సమాంతరం కాబట్టి వాటిని ఒకే గ్రూపులో ఎంచుకుంటాం. అయితే గ్రూపు మొత్తానికి సెక్షన్ స్థానం ఒక్కటే. మూల దగ్గర తగిలించిన సెక్షన్ నాలుగు కాళ్లలోనూ ఒకే దిక్కుకు జరుగుతుంది. ఒక కాలు సరిగ్గా లోపలికి కూర్చుంటుంది, మిగిలినవి ఫ్రేము బయటకు పొడుచుకొస్తాయి. ఒక్కో కాలికి ఒక్కో గ్రూపు పెట్టి దీన్ని దిద్దవచ్చు గానీ, ఆ తర్వాత చేసే ప్రతి మార్పుకూ నాలుగు చోట్ల చేయి పెట్టవలసి వస్తుంది.

అందుకే చతురస్ర పైపుకు నేను ఎప్పుడూ మధ్యరేఖ మీదే గీస్తాను. పై చట్రం గీతలు 1150 × 750, వాటి ఎత్తు నేల నుంచి 725. బయటి కొలతను మాత్రం ఒక సమీకరణంలో పెట్టి, అందులోంచి 50 తీసివేసేలా రాసుకుంటాను. అప్పుడు కొనుగోలుదారు 1200ను 1300 చేయమన్నా ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది.

కోతల క్రమం గ్రూపుల క్రమాన్ని అనుసరిస్తుంది. గీతల వెంట పైపును నడిపించే Structural Member ఫీచర్ ఒక్కదానిలోనే ముందు వచ్చిన గ్రూపు నిండుగా ఉంటుంది, తర్వాత వచ్చింది దానికి తగిలే చోట కోయబడుతుంది. కాబట్టి మొదటి గ్రూపుగా పై చట్రం, అందులో మూలలకు End Miter. రెండో గ్రూపుగా కాళ్లు. ఇలా చేస్తే కాళ్లు చట్రం అడుగున ఆగి 700 మి.మీ. పొడవు అవుతాయి. ఈ క్రమం తిరగబడితే కాళ్లు చట్రంలోకి చొచ్చుకుపోయి దాని మూలలను కోసేస్తాయి. బొమ్మను దూరం నుంచి చూస్తే అది కంటికి ఆనదు, కట్ లిస్టులో కాళ్ల పొడవు చూస్తే వెంటనే తెలిసిపోతుంది. అడ్డపట్టీలను మాత్రం నేను వేరే ఫీచర్‌గా పెట్టి, Trim/Extend ఆదేశంతో కోస్తాను. ఆ నాలుగింటినీ ఒకే గొలుసుగా ఎంచుకుంటే అవి కాలి లోపల ఒకదానితో ఒకటి మైటర్ కోతతో కలవడానికి చూస్తాయి. మనకు కావలసింది కాలి ముఖం దగ్గర ఆగే సూటి కోత.

ఈ Trim/Extend దగ్గర ఒక ఎంపిక ఉంది, ఈ సమీక్షలో అందరికంటే ముందు ఫ్యాబ్రికేటర్లు చదవవలసింది దాని గురించే. కోత హద్దుగా కాలి ఘనాకారాన్ని ఇవ్వవచ్చు, లేదా కాలి చదునైన ముఖాన్ని ఇవ్వవచ్చు. నిజమైన పైపుకు అంచులు గుండ్రంగా ఉంటాయి, 3 మి.మీ. మందానికి బయటి వ్యాసార్ధం 6 మి.మీ. అనుకుందాం. ఘనాకారాన్ని హద్దుగా ఇస్తే, 50 వెడల్పు పట్టీ 50 వెడల్పు కాలిని తాకేచోట పట్టీ చివర ఆ గుండ్రటి అంచులను కూడా అనుసరించి, పక్క గోడలు రెండు కొమ్ముల్లా ముందుకు సాగుతాయి. తెరమీద సందు లేని అతుకు కనబడుతుంది, చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ చివరను మామూలు రంపంతో కోయలేము. దానికి పైపులు కోసే లేజర్ యంత్రం కావాలి. కట్ లిస్టులో దీని గుర్తు స్పష్టం: 1100 ఉండవలసిన పట్టీ 1112గా కనబడుతుంది, రెండు చివర్లా ఆరేసి మిల్లీమీటర్లు. ఆ అంకె చూసి కటింగ్ చేసేవాడు 1112కు సూటిగా కోస్తే, పట్టీ కాళ్ల మధ్య పట్టదు. ముఖాన్ని హద్దుగా ఇస్తే సరిగ్గా 1100 వస్తుంది. గుండ్రటి అంచు దగ్గర మిగిలే సందును వెల్డరు ఎలాగూ లోహంతో నింపుతాడు. షెడ్డులో నిజంగా జరిగే పని కూడా అదే.

ఇక కట్ లిస్టు విషయానికి వస్తే, పై చట్రానికి 45 డిగ్రీల కోతలతో 1200వి రెండు, 800వి రెండు. సూటి కోతలతో 1100వి రెండు వస్తాయి. మిగిలింది ఒకే వరుస: 700 మి.మీ., ఆరు ముక్కలు. కొత్తగా చూసినవారు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఫ్రేములో ఆరు కాళ్లు లేవు. నాలుగు కాళ్ల పొడవూ 700, రెండు పొట్టి పట్టీల పొడవూ 800లోంచి 100 పోగా 700. ఆకారం అచ్చంగా ఒకటే అయితే కట్ లిస్టు వాటిని ఒకే వరుసలో కలిపేస్తుంది. ముక్క ఏ పనికి అన్నది దానికి పట్టదు. కోసేవాడికి ఇది మేలే. జోడించేవాడికి మాత్రం డ్రాయింగులో కాలికీ పట్టీకీ ఒకే బెలూను నంబరు పడుతుంది. కాలి అడుగున బేస్ ప్లేటు బోల్టు కోసం రంధ్రం పెట్టినా, వెల్డింగు కోసం సందు వదిలినా అవి విడిపోతాయి. నేను కాలికీ చట్రానికీ మధ్య 1 మి.మీ., పట్టీకి రెండు చివర్లా 1 మి.మీ. వదులుతాను, అప్పుడు కాళ్లు 699వి నాలుగు, పొట్టి పట్టీలు 698వి రెండు, పొడుగు పట్టీలు 1098వి రెండు అని వేర్వేరు వరుసలుగా వస్తాయి. ఆ సందు వరుసలు విడదీయడం కోసం పెట్టింది కాదు. టాక్ వేసేటప్పుడు ముక్కను సుత్తితో కొట్టి దూర్చవలసిన అవసరం లేకుండా ఉండటానికి పెట్టింది.

కట్ లిస్టులో మైటర్ ముక్కల LENGTH అనేది ఒక కొన నుంచి మరో కొన వరకు ఉన్న గరిష్ఠ పొడవు. 1200 ముక్క లోపలి వైపు 1100 మాత్రమే ఉంటుంది. ANGLE1, ANGLE2 గడుల్లో 45.00 అని ఉంటే మైటర్ కోత, 0.00 అని ఉంటే సూటి కోత. చతురస్ర పైపు ఎటు తిప్పినా ఒకటే కాబట్టి ఈ రెండు అంకెలు సరిపోతాయి. L ఆకారపు యాంగిల్ సెక్షన్‌తో చట్రం కడితే మాత్రం ఏ రెక్క బయటి వైపు ఉండాలో ఈ పట్టిక చూసి తెలుసుకోలేరు. అలాంటి పనికి ప్రతి ముక్కకూ చిన్న చిత్రం పెట్టకుండా నేను కాగితం బయటకు పంపను.

సెక్షన్ల విషయంలో శ్రమ మనమే పడాలి. సాఫ్ట్‌వేర్‌తోపాటు వచ్చే iso ఫోల్డరులో కొన్ని సైజులే ఉంటాయి. మన బజారులో దొరికే పైపు కొలతలకు సొంతంగా సెక్షన్ గీసి,.sldlfp ఫైలుగా దాచుకోవాలి. దాచేముందు ఫీచర్ల ట్రీలో ఆ స్కెచ్‌ను ఎంచుకోకపోతే ఆ ఫైలు సెక్షన్‌గా పనికిరాదు. ప్రమాణం పేరుతో ఒక ఫోల్డరు, దానిలో రకం పేరుతో మరో ఫోల్డరు, అందులో సైజు పేరుతో ఈ ఫైలు, ఇలా మూడు అంచెల్లో ఉండాలి. ఒక అంచె తగ్గితే జాబితాలో పేరు కనబడదు. అంచుల గుండ్రదనాన్ని గీయకుండా వదిలేయడం చాలామందికి అలవాటు. గుండ్రదనం లేకపోతే ఈ పైపు మీటరుకు 4.43 కిలోలు తూగుతుంది, 6 మి.మీ. వ్యాసార్ధంతో గీస్తే 4.25 కిలోలు. ఒక బల్లకు అది పెద్ద తేడా కాదు, కిలోల లెక్కన ధర చెప్పే పెద్ద పనిలో మాత్రం తెలుస్తుంది. సెక్షన్ ఫైలులో Description నింపితే అది నేరుగా కట్ లిస్టులోకి వచ్చేస్తుంది, ప్రతిసారీ టైపు చేయనక్కరలేదు.

ఈ కట్ లిస్టు చేయని పని ఒకటుంది: ముక్కలను పైపుల మీద పేర్చడం. సందులు లెక్కలోకి తీసుకోకపోతే ఈ బల్లకు మొత్తం పొడవు 10,400 మి.మీ.; ఆరు మీటర్ల పైపులు రెండు చాలు. కానీ ఏ ముక్క ఏ పైపులో అన్నది పట్టిక చెప్పదు. 1200వి రెండు, 1100వి రెండు, 700వి రెండు కలిపితే అచ్చంగా 6000 వస్తుంది. కాగితం మీద మురిపించే లెక్క ఇది, రంపపు బ్లేడు ప్రతి కోతకూ తినే మందాన్ని కలిపితే చివరి ముక్క పొట్టిదవుతుంది. ఒక పైపులో 1200వి రెండు, 1100వి రెండు, 800 ఒకటి. రెండో దాంట్లో 700వి ఆరు, 800 ఒకటి పెడితే రెంటిలోనూ చోటు మిగులుతుంది. ఈ లెక్క నేను పట్టికను ఎక్సెల్‌లోకి పంపి అక్కడ చేసుకుంటాను.

జాగ్రత్తపడవలసిన మరో విషయం, కట్ లిస్టు తనంతట తాను తాజా కావడం ఒక సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. కట్ లిస్టు ఫోల్డరు మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే Update Automatically ఎంపిక ఆపి ఉంటే, మోడల్ మారినా వరుసలు పాతవిగానే ఉండిపోతాయి. పెద్ద ఫ్రేముల్లో వేగం కోసం దాన్ని ఆపడం మామూలే. అందుకే డ్రాయింగును పీడీఎఫ్ చేసే ముందు Update నొక్కి, ఒక కాలి పొడవును కొలత పనిముట్టుతో పట్టికతో సరిచూస్తాను. 2019లో వచ్చిన Structure System అనే కొత్త పద్ధతిని కూడా వాడి చూశాను. అనేక అంతస్తుల ప్లాట్‌ఫారానికి అది నయం, కానీ ఈ బల్లలాంటి చిన్న ఫ్రేముకు పాత Structural Member పద్ధతే తొందరగా తెమలుతుంది.