జరీ అంచు నిలిచింది, తలంబ్రాలు పోయాయి: QTGMC తో నాలుగేళ్లు

మా ఇంట్లోవీ, చుట్టాలవీ కలిపి ముప్పైకి పైగా మినీ డీవీ క్యాసెట్లను నాలుగేళ్లుగా ఒక్కొక్కటే హెచ్‌డీలోకి మారుస్తున్నాను. పని చేసేది విజయవాడ సత్యనారాయణపురంలో, ఇంట్లో ఉన్న నాలుగు కోర్ల పాత కంప్యూటర్ మీదే. వాడేది స్క్రిప్టు రాసి వీడియోని మార్చే ఏవీసింత్, అందులో డీఇంటర్లేస్ చెయ్యడానికి, అంటే ఒకే ఫ్రేములో కలిసి ఉన్న రెండు క్షణాల గీతల్ని విడదీసి పూర్తి ఫ్రేములు చెయ్యడానికి QTGMC, సైజు పెంచడానికి nnedi3. మూడూ ఉచితమే. ఇన్నాళ్ల వాడకంలో QTGMC అంత నచ్చినది లేదు, నన్ను అంత తిప్పలు పెట్టినదీ లేదు. ఆ రెండూ ఒకే పెళ్లి క్యాసెట్‌లో కనిపించాయి కాబట్టి దాని గురించే చెబుతాను.

2004లో మా పిన్ని కూతురి పెళ్లి లబ్బీపేటలో ఒక కల్యాణమండపంలో జరిగింది. ఆ క్యాసెట్‌ను కొన్నేళ్ల క్రితం ఒక స్టూడియోకి ఇస్తే, 1080 చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. టీవీలో పెట్టి చూస్తే కదిలిన ప్రతి చెయ్యికీ, ప్రతి కొంగుకీ పక్కన దువ్వెన పళ్లలాంటి గీతలు. మామూలుగా కనిపించే సన్నని గీతలు కూడా కావు, లావుగా, అలలు అలలుగా ఉన్నాయి. డీఇంటర్లేస్ చెయ్యకుండానే సైజు పెంచేశారని చూడగానే తెలిసిపోతుంది.

మన దేశంలో వాడే పాల్ పద్ధతి క్యాసెట్‌లో సెకనుకి 25 ఫ్రేములు ఉంటాయని అంటాం గానీ, కెమెరా పట్టింది సెకనుకి 50 ఫీల్డులు. ఒక్కో ఫీల్డులో 288 గీతలే. ఒక ఫీల్డు గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత పట్టిన రెండో ఫీల్డు గీతల మధ్యలో దూరి కూర్చుంటే 576 గీతల ఫ్రేము అవుతుంది. అంటే ఒకే బొమ్మలో రెండు వేర్వేరు క్షణాలున్నాయి. దాన్ని అలాగే 1080కి సాగదీస్తే, కొత్తగా పుట్టే ప్రతి గీతా రెండు క్షణాలనూ కలిపి తయారవుతుంది. ఒకసారి కలిసిపోయాక ఏ గీత ఏ క్షణానిదో మళ్లీ విడదీయలేం. పిన్ని ఆ క్యాసెట్‌ను పారెయ్యకుండా బీరువాలో దాచింది కాబట్టి బతికిపోయాం.

నేను ఫైర్‌వైర్ కేబుల్‌తో మళ్లీ దింపాను. డీవీ కాబట్టి అది ఉన్నది ఉన్నట్టు డిజిటల్ కాపీ, గంటకి 13 జీబీ అవుతుంది. ఇక్కడ తేల్చుకోవాల్సింది ఏ ఫీల్డు ముందు అన్నది. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందు. తప్పు చెబితే బొమ్మ ఒక అడుగు ముందుకి, ఒక అడుగు వెనక్కి వేస్తూ వణుకుతుంది. నిలబడి ఉన్న మనుషుల మీద ఇది బయటపడదు, బాగా కదిలే చోటే చూడాలి. మగపెళ్లివారు గుంటూరు నుంచి ప్రకాశం బ్యారేజి మీదుగా వస్తుంటే కారులోంచి తీసిన ముక్క ఒకటి ఉంది. రెయిలింగ్ ఊచలు వరసగా వెనక్కి పోవాలి. డీఇంటర్లేస్ చేశాక ఒక్కో ఫ్రేమూ ముందుకి నడిపిస్తూ ఒకే ఊచ మీద కన్నుంచితే పది ఫ్రేముల్లో తేలిపోతుంది. అది ఒకే దిక్కున జరుగుతూ పోతే మనం చెప్పిన వరస సరైనదే.

ఇక మెచ్చుకోవాల్సిన సంగతి. గౌరీపూజ దగ్గర అక్క పట్టుచీర జరీ అంచు, పక్కనే ఇత్తడి పళ్లెం అంచు. ఇలాంటి సన్నని అడ్డగీత ఒకే ఫీల్డులో పడుతుంది, రెండో ఫీల్డులో ఉండదు. ఫీల్డుల్ని విడదీసి చూపిస్తే అది సెకనుకి 25 సార్లు వెలిగి ఆరుతుంది. మొదట్లో నేను వాడిన yadif అనే డీఇంటర్లేసర్‌లో ఆ చీర అంచంతా చీమలు పాకినట్టు ఉండేది. అలాంటిదే అయిన bwdif కొంచెం మెరుగే, కానీ అక్క కాస్త కదిలితే మళ్లీ మొదలు. QTGMC లో మాత్రం జరీ కదలకుండా నిలబడింది. మామిడాకులూ నక్షత్రాలూ నేసిన ఆ అంచుని ఇరవై ఏళ్లలో మొదటిసారి స్పష్టంగా చూశాను.

అది ఎలా చేస్తుందంటే, బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడి ముందు ఫీల్డులో ఎక్కడుందో, తర్వాతి ఫీల్డులో ఎక్కడికి పోయిందో వెతుకుతుంది. ఆ కదలికను సరిచేసి, ముందూ వెనకా ఉన్న ఫీల్డుల్ని దానిమీద పరిచి సగటు తీస్తుంది. దాంతో ఒక ఫీల్డులో లేని గీత పక్క ఫీల్డు నుంచి వచ్చి చేరుతుంది, మిణుకుమిణుకు పోతుంది. ఫలితం సెకనుకి 50 పూర్తి ఫ్రేములు.

ఆ రాత్రి మొత్తం క్యాసెట్ పెట్టి పడుకున్నాను. గంట క్యాసెట్ అంటే 1,80,000 ఫ్రేములు. నా కంప్యూటర్ సైజు పెంచడంతో కలిపి సెకనుకి 8 ఫ్రేములు చేస్తుంది, అంటే ఆరుంపావు గంటలు. ఎండాకాలంలో కరెంటు పోతే మొదటికొస్తుందని పావుగంట ముక్కలుగా చేస్తాను.

మర్నాడు పిన్ని వచ్చి చూసింది. గౌరీపూజ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి టీవీ దగ్గరగా జరిగి, "ఒరేయ్, తలంబ్రాలు ఇంతేనా? మీ బావ దోసిళ్లు దోసిళ్లు పోశాడు కదరా, గింజలేవి?" అంది.

నిజమే. దోసిలి పైకి లేస్తోంది, తల మీద ఒంపుతున్నారు, మధ్యలో గాలిలో రాలాల్సిన పసుపు బియ్యం సగం లేదు. నేను రాత్రి ఒకసారి చూసి కూడా గుర్తుపట్టలేదు. కదలిక మెత్తగా, శుభ్రంగా ఉందని సంబరపడ్డాను. పిన్నికి ఆ రోజు గుర్తుంది కాబట్టి పట్టుకుంది.

జరీని నిలబెట్టిన పద్ధతే గింజల్ని తినేసింది. గింజ రెండు మూడు పిక్సెళ్లుంటుంది. అది రాలే వేగానికి ఒక ఫీల్డుకీ తర్వాతి ఫీల్డుకీ మధ్య పది పదిహేను పిక్సెళ్లు దిగిపోతుంది. ఆ గడిలో ఎక్కువ భాగం వెనకాల కదలకుండా ఉన్న తెల్లటి మధుపర్కమే కాబట్టి, వెతికే పద్ధతికి గడి కదల్లేదనే అనిపిస్తుంది. ముందు ఫీల్డులో అక్కడ గింజ లేదు, తర్వాతి దాంట్లోనూ లేదు. ఒక్క ఫీల్డులో మెరిసి మాయమైన చుక్క దాని లెక్కలో మిణుకే. జరీ మిణుకుని తుడిచినట్టే దాన్నీ తుడిచేస్తుంది. వాన చినుకులకీ, మతాబుల రవ్వలకీ ఇదే జరుగుతుంది, మా దీపావళి క్యాసెట్‌లో తర్వాత చూశాను.

ఇది జరిగిందో లేదో తేల్చుకోవడానికి మూలాన్ని SeparateFields() తో విడదీసి, ఒక ఫీల్డును పక్కన పెట్టుకుని గింజలు లెక్కపెట్టాను. మూలంలో 41 ఉంటే నా ఫలితంలో 23. SourceMatch=3, Lossless=2 అని చేర్చి మళ్లీ చేస్తే 38 వచ్చాయి. SourceMatch చేసేది, తయారైన బొమ్మను మూలంతో పోల్చి తేడాను మళ్లీ దిద్దడం. Lossless మూలంలోని గీతల్ని వీలైనంతవరకు తిరిగి తెచ్చి పెడుతుంది. దానికి ఖరీదు ఉంది. క్యాసెట్ గరుకుతనం వెనక్కి వస్తుంది, జరీ మళ్లీ కొద్దిగా మెరమెరలాడుతుంది, అక్కడక్కడా సన్నని దువ్వెన గీతలు మిగులుతాయి. అందుకని క్యాసెట్ అంతటికీ దాన్ని పెట్టలేదు. 31 నిమిషాల 10 సెకన్ల నుంచి 34 నిమిషాల 40 సెకన్ల వరకు, తలంబ్రాలకి మాత్రమే పెట్టాను. సెకనుకి 50 లెక్కన ఫ్రేము నంబర్లు వేసుకుంటే చాలు.

```
src = LWLibavVideoSource("pelli.avi").AssumeBFF()
a = src.QTGMC(Preset="Slower")
b = src.QTGMC(Preset="Slower", SourceMatch=3, Lossless=2)
a.Trim(0,93499) ++ b.Trim(93500,103999) ++ a.Trim(104000,0)
ColorMatrix(mode="Rec.601->Rec.709")
Crop(8, 0, -8, 0)
nnedi3_rpow2(2, cshift="Spline36Resize", fwidth=1440, fheight=1080)
```

సైజు పెంచడం చివరి వరసలో ఉంది. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ముందు పని బాగా జరిగితే అది దానంతటదే బాగుంటుంది. అటూ ఇటూ 8 పిక్సెళ్లు తీసేస్తే 704 మిగులుతుంది. అది రెండింతలై 1440 x 1080కి సర్దుకుంటుంది, 4:3 కొలత చెడదు. మనుషుల్ని లావుగా సాగదీసి టీవీ నిండా పరచడం నాకు ఇష్టం లేదు, పక్కన నల్లపట్టీలు ఉంటే ఉండనీ.

రంగుల వరస మాత్రం వదిలెయ్యకండి. పాత వీడియో రంగుల లెక్క ఒకటి, హెచ్‌డీది ఇంకొకటి. మార్చకుండా వదిలేస్తే ప్లేయరు 1080ని చూసి హెచ్‌డీ లెక్కే కడుతుంది. అప్పుడు మధుపర్కం ఎర్ర అంచు నారింజ వైపు తిరుగుతుంది, పందిట్లో అరటాకుల పచ్చ ముదురుతుంది. స్టూడియో ఇచ్చిన ఫైలులో అదే కనబడింది.

ఇంత చేసినా దూరాన కూర్చున్నవాళ్ల ముఖాలు గుర్తుపట్టగలిగేలా రావు. కెమెరా పట్టనిది ఎక్కడినుంచీ రాదు, కదిలే మనిషికి 288 గీతలే ఆధారం. అయినా 1080 ఎందుకంటే, ఇంటర్లేస్డ్ ఫైలును ఫోన్లు సరిగ్గా చూపించవు, యూట్యూబ్ అయితే సెకనుకి 50 ఫ్రేముల కదలికని 720, ఆపై సైజుల్లోనే ఉంచుతుంది. గంట క్యాసెట్‌ని 25 ఫ్రేములకి కుదిస్తే సగం సమయంలో అయిపోతుందని ఒక స్నేహితుడు అన్నాడు. చేసి చూశాను, నాదస్వరం పక్కన డోలు వాయించే చెయ్యి తెగి తెగి కదిలింది. 50 వదులుకోను.

పిన్ని రెండోసారి చూసి గింజలున్నాయంది. నాకు ఇంకా కుదరనిది ఫోటో ఫ్లాషుల సంగతి. మంగళసూత్రం కడుతుంటే నాలుగు వైపుల నుంచీ ఫ్లాషులు పడ్డాయి, ఒక్కో ఫ్లాషూ ఒక్క ఫీల్డులోనే ఉంది. QTGMC కి పక్క ఫీల్డులతో పోలిక దొరక్క ఆ ఫ్రేములో అడ్డంగా పలచని చారలు మిగులుతున్నాయి. ఆ పదకొండు ఫ్రేముల్ని ప్రస్తుతానికి bwdif తో విడిగా చేసి అతికించాను.