ముందు పోర్టా, వెనక పోర్టా?

గుంటూరు అరండల్‌పేటలో ఓ డీటీపీ షాపు. పోర్టబుల్ హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ ముందు పోర్టుకు పెడితే మాత్రం టిక్కు టిక్కుమని ఆగిపోతుంది. డ్రైవర్లను అనుమానించే ముందు ఆ చప్పుడు వినండి. డిస్క్ తిరగడానికి కరెంటు చాలక మళ్లీ మళ్లీ మొదలవుతోందన్నమాట.

ముందు పోర్టు చేతికందుతుంది, పెన్‌డ్రైవ్‌కు చాలు. కానీ క్యాబినెట్ లోపలి సన్నటి వైరులో వోల్టేజీ కాస్త పడిపోతుంది. వెనక పోర్టు మదర్‌బోర్డు మీదే ఉంటుంది. యూఎస్‌బీ 2.0 ఇచ్చేది 500 మిల్లీఆంపులు, 3.0 అయితే 900. కాబట్టి నా ఓటు వెనక ఉన్న నీలం రంగు 3.0 పోర్టుకే. అడాప్టర్ లేని హబ్ అయితే దండగ, ఉన్న కాస్త కరెంటునే అన్నిటికీ పంచుతుంది.

వెనక కూడా టిక్కుమంటే అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూడండి. డిస్క్ సాఫీగా తిరుగుతున్నా కంప్యూటర్‌లో కనబడకపోతే, అప్పుడు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు వెతకాలి. అది ఉంటే డ్రైవర్ సంగతి చూడొచ్చు.