స్టాక్ సాఫ్ట్‌వేర్ ఏడాదిన్నర వాడాక: అమ్మినప్పుడు స్టాక్ బాగానే తగ్గిస్తుంది, రిటర్న్‌ల దగ్గరే ముంచింది

మూడు మార్కెట్‌ప్లేస్‌లలో నీళ్ల బాటిళ్లు, టిఫిన్ డబ్బాలు అమ్ముతాను. ఒకచోట ఆర్డర్ పడితే మిగతా రెండు చోట్లా స్టాక్ తగ్గించే ఈ సాఫ్ట్‌వేర్‌ని మొదటి నెలలోనే ముగ్గురికి కొనమని చెప్పాను. ఆ పని ఇప్పటికీ బాగానే చేస్తోంది. నా కోపమంతా రిటర్న్‌ల మీదే.

నీలం బాటిల్ రోజుకు రెండు పోతుంది. సరుకు ఇచ్చేవాళ్లకు ఏడు రోజులు పడుతుంది కాబట్టి పద్నాలుగు, ఆలస్యమైతే ఉంటాయని ఇంకో ఆరు కలిపి, స్టాక్ 20కి రాగానే హెచ్చరిక వచ్చేలా పెట్టుకున్నాను. హెచ్చరిక వచ్చింది, అదే రోజు ఆర్డర్ పెట్టాను. ఏడో రోజు సాయంత్రం ప్యాకింగ్‌కి కూర్చుంటే స్క్రీన్ మీద 6 ఉన్నాయి, అరలో ఒక్కటీ లేదు. చేతిలో ఇంకో ఆర్డర్ ఉంది. కొత్త సరుకేమో రెండు రోజులు ఆలస్యం.

ముందు దొంగతనమేమో అనుకున్నాను. తర్వాత ఆ బాటిల్ స్టాక్ హిస్టరీ తెరిచి చూస్తే, ఏడు చోట్ల +1 కనిపించింది. కస్టమర్ రిటర్న్ కోరగానే, వస్తువు ఇంకా వాళ్లింట్లో ఉండగానే, ఇది దాన్ని నా స్టాక్‌లో కలిపేసింది. ఆ ఏడింటిలో ఐదు ఇంకా దారిలోనే ఉన్నాయి. వచ్చిన రెండిటికీ మూత పగిలింది, అవి మూలన పెట్టెలో పడున్నాయి. అంటే హెచ్చరిక వచ్చిన రోజున నా దగ్గర నిజంగా ఉన్నవి 13. లేని సరుకు అమ్మడానికీ, ఆర్డర్ ఆలస్యంగా పెట్టడానికీ కారణం ఒకటే.

చేతిలో ఉన్న ఆ కస్టమర్ ఆర్డర్ క్యాన్సిల్ చేశాను, మూడు చోట్లా స్టాక్ సున్నా చేశాను. సెల్లర్ వైపు నుంచి క్యాన్సిలైతే ఖాతాకు మచ్చ, దాని టెన్షన్ వేరే.

ఇప్పుడు సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ రీస్టాక్ ఆపేశాను. రిటర్న్ పార్సిల్ విప్పి, చూసి, బాగుంటేనే చేత్తో కలుపుతాను. త్వరగా అమ్ముడయ్యే పది వస్తువుల్ని ఆదివారం లెక్కపెట్టి స్క్రీన్‌తో సరిచూస్తాను. అంత కష్టమేమీ కాదు గానీ, దీని కోసమే కదా డబ్బు కట్టింది!

మొదట్లో రాసిన రివ్యూలో "క్షణాల్లో అప్‌డేట్ అవుతుంది" అని కూడా అన్నాను. రెండు చోట్ల అవుతుంది. మూడో చోట పావుగంట పట్టిన రోజులున్నాయి, అందుకే అక్కడ చివరి రెండు పీసులు కనబడకుండా దాచిపెడతాను. నెమ్మదిగా పోయే సరుకుకి అలా చేస్తే మాత్రం ఆ రెండూ అరలోనే ఉండిపోతాయి.

మానేస్తానా అంటే, లేదు. పెద్ద ఆఫర్ల రోజున మూడు స్క్రీన్లు చేత్తో మార్చడం నా వల్ల కాదు. మీకు రిటర్న్‌లు తక్కువైతే ఈ గొడవ బహుశా కంటికే ఆనదు. బట్టలమ్మేవాళ్లయితే కొన్న రోజే ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతకండి, నాకు దొరకడానికి గంట పట్టింది.