స్టార్టర్ ప్యానెల్ కొంటున్నవాళ్లు ఆగండి: సీటీ ప్లేట్ చూడకుండా డబ్బు కట్టొద్దు

కోపం ఇంకా చల్లారలేదు, అందుకే నిన్న రాత్రి మొదలుపెట్టింది ఇప్పుడు పూర్తి చేస్తున్నాను. మిర్యాలగూడ వైపు మిల్లులవాళ్లకు ఆ ప్యానెల్ బోర్డులాయన ఎవరో చెప్పక్కర్లేదు. పేరు రాయడం లేదు. ఈ సీజన్‌లో ఇంకొకరు నాలాగా నష్టపోకూడదనే రాస్తున్నాను.

మాది రైస్ మిల్లు. 150 హెచ్‌పీ మోటారు, స్టార్ డెల్టా స్టార్టర్, భూమిలోకి కరెంటు లీకైతే మోటారు ఆపేసే ఎర్త్ ఫాల్ట్ రిలేతో కొత్త ప్యానెల్ తీసుకున్నాం. ఒక్కో ఫేజు కరెంటునీ కొలిచి రిలేకి చెప్పే సీటీలు, అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు, అందులోనే ఉంటాయి. బిగించిన రోజు నుంచే ఒకటే గొడవ. స్టార్‌లో మోటారు బాగానే లేస్తుంది. డెల్టాలోకి మారే క్షణంలో టప్ మని ఎర్త్ ఫాల్ట్ లైటు వెలిగి అంతా ఆగిపోతుంది. మూడుసార్లు వేస్తే ఒకసారి నిలబడుతుంది. నిలబడిందంటే సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ట్రిప్ అవ్వదు. ఈ ఒక్క మాట మీద నేను ఆ రోజే ఆలోచించి ఉండాల్సింది. నిజంగా మోటారులోనో కేబుల్‌లోనో లీకేజీ ఉంటే నడుస్తున్నంతసేపూ ఉంటుంది కదా, మారే క్షణంలోనే ఎందుకుంటుంది?

ప్యానెల్ వాళ్ల మనిషి వచ్చాడు. ఐదు నిమిషాలు చూసి, "సార్, మీ మోటార్ బాడీ షార్ట్. మా రిలే మంచిది కాబట్టే పట్టుకుంటోంది" అన్నాడు. నమ్మాను. వైండింగ్ షాపు ముసలాయన ఇన్సులేషన్ చూసే మెగ్గర్ వేసి, 200 మెగా ఓమ్స్ ఉంది, కాయిల్‌కి ఏమీ కాలేదు బాబూ అన్నాడు. అయినా ప్యానెల్ వాళ్ల మాటే పట్టుకుని రీవైండింగ్ చేయించాను. 78 వేలు. మళ్లీ అదే ట్రిప్. ఈసారి రిలే సెన్సిటివ్‌గా ఉందని ఇంకో రిలే అమ్మారు, 14 వేలు. మళ్లీ అదే. తొమ్మిది రోజులు మిల్లు సరిగ్గా నడవలేదు, వడ్లు తెచ్చిన రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని బయట కూర్చున్నారు.

ఇక ఆ తర్వాత వాడు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. నేను లంచ్‌కి వెళ్లొచ్చేసరికి రిలే ట్రిప్ వైర్ తీసేసి, "నడుస్తోంది సార్, ఇలాగే వాడుకోండి" అన్నాడు. ఎలివేటర్ కాళ్ల దగ్గర చెమటతో, తడి నేల మీద ఆరుగురు పనిచేస్తున్నారు. నిజంగా ఎర్త్ ఫాల్ట్ వచ్చిన రోజు వాళ్ల సంగతేంటి? అక్కడికక్కడే మిల్లు ఆపేయించాను.

మా బావమరిదికి తెలిసిన ఒక రిలే టెస్టింగ్ ఆయన నల్గొండ నుంచి వచ్చారు. ముందు మోటారు దగ్గర తీగలు విప్పి, కేబుల్ విడిగా, మోటారు విడిగా మెగ్గర్ వేశారు. కేబుల్ 500 మెగా ఓమ్స్ పైనే. "200 మెగా ఓమ్స్ మోటారుకి 240 వోల్టులు పెడితే భూమిలోకి పోయేది మైక్రో ఆంపియర్లలోనే. కేబుల్ కెపాసిటెన్స్ వల్ల పోయేది కూడా, మీ 60 మీటర్లకి, మిల్లీ ఆంపియర్లే. రిలే సెట్టింగ్ మాత్రం 20 ఆంపియర్లు. లెక్క కుదరదు" అన్నారు.

తర్వాత చేసిన పరీక్ష మీరూ చేయించుకోవచ్చు. స్టార్టర్ ముందు మూడు ఫేజుల తీగల్నీ కలిపి లీకేజీ క్లాంప్ లోపల మధ్యలో పెట్టి, గరిష్ఠ విలువ నిలిపి ఉంచేలా పెట్టారు. మూడు సీటీలూ కలిసి రిలేకి వెళ్లే వైరుకి ఇంకో క్లాంప్. స్టార్ట్ చేశాం. ట్రిప్. మొదటిదానిలో ఒక ఆంపియర్ కూడా లేదు. రిలే వైరులో మాత్రం 3 ఆంపియర్లు. 200/5 సీటీ లెక్కన అది ప్రైమరీలో 120 ఆంపియర్లు! అంటే భూమిలోకి ఏమీ పోవడం లేదు, సీటీలే లేని ఫాల్ట్‌ని సృష్టిస్తున్నాయి. (సీటీ సెకండరీ వైరు మాత్రం కరెంటు పారుతుండగా విప్పకండి, ప్రమాదకరమైన వోల్టేజీ వస్తుంది. ఆయన విప్పకుండానే చూశారు.)

అప్పుడు ఫోన్ టార్చ్ వేసి సీటీ ప్లేట్ చదివారు. నా కొటేషన్‌లో 5పి10 ప్రొటెక్షన్ సీటీ అని ఉంది. ప్లేట్ మీద క్లాస్ 1, ఎఫ్‌ఎస్5. అంటే మీటరు చూపించడానికి చేసిన సీటీ. కరెంటు రేటింగ్‌కి ఐదు రెట్లయ్యేలోపే కోర్ సాచురేట్ అయిపోవాలని, అంటే ఆపైన కరెంటుని పూర్తిగా చూపించకూడదని, మీటరు కాలిపోకుండా కావాలనే అలా చేస్తారు. మా మోటారు ఫుల్ లోడ్ 190 ఆంపియర్లు. డెల్టాలోకి మారేటప్పుడు ఆరు రెట్లు, 1,100 పైమాటే. 200 సీటీకి అది ఐదున్నర రెట్లు. దానికి తోడు ఆ మొదటి కొన్ని సైకిల్స్‌లో కరెంటు ఒకవైపు ఒరిగి వస్తుంది, ఒక్కో ఫేజులో ఒక్కోలా. ఒక సీటీ ముందు సాచురేట్ అవుతుంది, మిగతావి కావు, మూడిటినీ కూడితే మామూలుగా రావాల్సిన సున్నా రాదు. ఆ తేడానే రిలే ఎర్త్ ఫాల్ట్ అనుకుంటుంది. స్విచ్ పడిన క్షణాన్ని బట్టి ఒరుగు మారుతుంది కాబట్టే ఒకసారి ట్రిప్, ఇంకోసారి లేదు.

ఆ ప్యానెల్ షాపుకి వెళ్లి కొటేషన్, సీటీ ప్లేట్ ఫోటో రెండూ ముందు పెట్టాను. ఆయన ఫోటో వైపు కూడా చూడలేదు. "సీటీ ఏదైనా సీటీయే సార్, ఆంపియర్లు చూపిస్తోందిగా." కొటేషన్‌లో 5పి10 అని రాశారుగా అంటే, "అది మా ఫార్మాట్, అందరికీ అదే పోతుంది" అన్నాడు. పక్కనున్న కుర్రాడికి టీ చెప్పాడు, నాకు కాదు. 92 వేలు పోయినందుకు కాదు, ఈ మాటకే నా మనసు మండింది. కాగితం మీద ఒకటి రాసి, పెట్టెలో ఇంకొకటి పెట్టి, తప్పు నా మోటారు మీద వేశాడు. ఆ ముసలాయన మాట వినకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పే.

ఇప్పుడు మిల్లు నడుస్తోంది. ఫేజు సీటీలు మార్చడంతో పాటు ఎర్త్ ఫాల్ట్‌కి విడిగా కోర్ బ్యాలెన్స్ సీటీ వేశాం. మూడు ఫేజులూ ఒకే రింగులోంచి వెళ్తాయి కాబట్టి స్టార్టింగ్ కరెంటు ఎంతైనా కూడిక అక్కడే సున్నా అవుతుంది. సెట్టింగ్ 20 నుంచి 1 ఆంపియర్‌కి దించినా పదకొండు రోజులుగా ఒక్క తప్పుడు ట్రిప్ లేదు.

కొనేవాళ్లకి రెండు మాటలు. డెలివరీ రోజే తలుపు తీయించి సీటీ ప్లేట్ ఫోటో తీసుకోండి, క్లాస్ చూడకుండా బ్యాలెన్స్ కట్టొద్దు. స్టార్ డెల్టాకి కోర్ బ్యాలెన్స్ సీటీ వేయిస్తే అది స్టార్టర్ ముందు, ఇన్‌కమింగ్ మూడు ఫేజుల మీద ఉండాలి. మోటారుకెళ్లే రెండు కేబుళ్లలో ఒకదానికే వేస్తే డెల్టాలో తిరిగే కరెంటుకి మళ్లీ తప్పుడు ట్రిప్పులొస్తాయి. ఆర్మర్డ్ కేబుల్‌ని అలాగే రింగులోంచి తీస్తే, ఆర్మర్ ఎర్త్ వైరుని వెనక్కి తిప్పి అదే రింగులోంచి తెచ్చి ఎర్త్‌కి కలపండి. లేదంటే నిజం ఫాల్ట్ వచ్చినా రిలే కదలదు.